ఏడో సంపు దగ్గర అయస్కాంతం

మా వదిన గురించి మంచిగా చెప్పమంటే నాకు నోరు రాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. ఆమె పనిమంతురాలు కాదని ఎవరూ అనలేరు, నేనూ అనను. కానీ పనిమంతులందరితో ఒకే ఇంట్లో కాపురం చేయాలని రూలేం లేదు కదా. నేను పదమూడేళ్ళుగా చేస్తున్నాను.

ఆమెకు ముందు నుంచీ ఒకటే జబ్బు. ఏదీ ఊరికే పోకూడదు. గదిలోంచి మనం బయటికి అడుగు పెట్టామో లేదో, మన వెనకాలే స్విచ్ టక్కుమంటుంది. కుళాయి చుక్క పడుతుంటే అన్నం తింటున్నదల్లా లేచి వెళ్ళి కట్టేసి వస్తుంది. మాటల్లోనూ అంతే పొదుపు. మా అన్నయ్య కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు, రోజంతా ఆ గీరుడు విని విని ఇంటికొచ్చాక ఎవరూ మాట్లాడకపోతే అదే పండగనుకుంటాడు. కాబట్టి ఆయనకు సరిపోయింది. నాకే సరిపోలేదు. పలకరిస్తే ఉలకదు, పలకదు. అవసరమైతే తలెత్తి నాలుగు ముక్కలంటుంది. ఆ నాలుగూ ఎదుటివాడి నెత్తిన సరిగ్గా పడే ముక్కలు.

వాళ్ళ నాన్న మోటార్లకు రాగి తీగ చుట్టే పని చేసేవాడు. చిన్నప్పుడు పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టేదట. ఒక్క చుట్టు తప్పితే మొత్తం విప్పించేవాడట. ఆ తండ్రికి ఈ కూతురు. తర్వాత డిప్లొమా చేసింది, మా కాంప్లెక్స్‌లోనే మెయింటెనెన్స్ విభాగంలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేరింది. టెంపరరీ. పదకొండేళ్ళయినా టెంపరరీయే. స్టోరు వెనక మెట్ల కింద ఒక బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటరు. అందరూ మీటరమ్మ అంటారు. ఆ పేరు మొదట పెట్టింది నేనే, వెక్కిరింపుగా. అది కాస్తా గౌరవమై కూర్చుంది.

నేనూ అదే విభాగంలో సంపుల రౌండు మనిషిని. మావి ఆరు భవనాలు, ఒక్కోదానికి రెండు నేలమాళిగలు. నేలలోంచి ఊరే నీళ్ళు, కాలవల నీళ్ళు అన్నీ పన్నెండు సంపుల్లోకి దిగుతాయి. పంపులు వాటంతటవే తిరిగి ఆ నీళ్ళను తోడేస్తాయి. పాత గుడ్డో ప్లాస్టిక్ సంచో అడ్డుపడితే పంపు బిగుసుకుపోతుంది, నీళ్ళు పైకొస్తాయి. అన్నిటికంటే లోతైనది ఏడో సంపు, జనరేటర్ గది కింద. దాని పక్కనే కరెంటు ప్యానెళ్ళు. అక్కడ మోకాలి లోతు నీళ్ళొస్తే ఆరు భవనాలూ చీకటే. అందుకే రోజుకు రెండుసార్లు, పొద్దున తొమ్మిదింటికీ మధ్యాహ్నం నాలుగింటికీ, పన్నెండు సంపులూ తిరిగి చూసి రిజిస్టర్‌లో టిక్కు పెట్టడం నా పని.

ఇక మా వైరం ఎక్కడ మొదలైందో చెప్పాలి. ఐదేళ్ళ కిందట ఒకరోజు ఏడో సంపు మూత తాళం తెరుచుకోలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇంజనీరుగారు, వదిన, నేను ముగ్గురం అక్కడే ఉన్నాం. "ఈ తాళం ఎన్నాళ్ళ నుంచి తీయలేదమ్మా?" అని ఇంజనీరుగారు ఆమెను అడిగాడు. నన్నడిగితే ఏదో ఒకటి చెప్పి ఉండేవాణ్ణి. ఆమె వంగి చూసి, "మూడు వారాలు దాటింది సార్" అంది. నా రిజిస్టర్‌లో ఆ మూడు వారాలూ రోజుకు రెండు టిక్కులు చొప్పున బుద్ధిగా ఉన్నాయి. అందరి ముందూ మెమో ఇచ్చారు. ఇంటికొచ్చి అడిగాను.

"సొంత మరిదినని కూడా చూడవా వదినా?"

"తాళం చూడమన్నారు. తాళమే చూశాను."

అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో నేను ముందు తిని లేస్తే ఆమె తర్వాత కూర్చునేది. అన్నయ్య ఇద్దరి మధ్యా నీళ్ళ చెంబులా అటూ ఇటూ తిరిగేవాడు.

తర్వాత ఒక బయటి కంపెనీవాళ్ళు సంపులకు సెన్సర్ పెట్టెలు బిగించి వెళ్ళారు. అరచేతిలో పట్టే పెట్టె, లోపల చిన్న బోర్డు, రేడియో, రెండు పెన్సిల్ సెల్లు. సంపులో నీటి మీద తేలే బుడ్డి ఒకటి, ఫ్లోటు, వేలాడుతుంది. నీళ్ళొచ్చి దాన్ని పైకి లేపితే పెట్టె మా విభాగంలోని కంప్యూటరుకు రేడియోలో కబురు పంపాలి. తడిలో వైర్లు లాగితే ఏడాదిలో కుళ్ళిపోతాయి కాబట్టి బ్యాటరీలే గతి. ఏడాది పనిచేస్తాయన్నారు. రెండు నెలలకు పన్నెండూ చచ్చాయి. చచ్చాయని కూడా ఎవరికీ తెలియలేదు. ఒకరోజు ఏడో సంపు పొంగి ప్యానెల్ గదిలోకి నీళ్ళు వచ్చాకే తెలిసింది. ఆ రోజు నేను ఎంత సంతోషించానో దాచుకోను. యంత్రం ఓడింది, రౌండు మనిషి గెలిచాడు.

నా సంతోషం నాలుగు రోజులే. వదిన ఆ చచ్చిన పెట్టెలు పన్నెండూ తన బల్ల మీదకి తెచ్చుకుంది.

ఏం కనిపెట్టిందో ఇంట్లో అన్నయ్యకు చెబుతుంటే తలుపు అవతల నుంచి విన్నాను. పని గురించైతే ఆమెకు మాటలు వస్తాయి, అదొక వింత. పెట్టెలో చీమతలంత ఎర్ర దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంది, మూత లోపల ఎవరు చూస్తారని? వోల్టేజీని సరిచేసే ముక్క ఒకటి పని ఉన్నా లేకున్నా కరెంటు తాగుతోంది. అన్నిటికంటే తెలివితక్కువ పని, ఫ్లోటు ఖాళీగా వేలాడినప్పుడు దాని కాంటాక్టు మూసుకునేట్టు కట్టారు. నీళ్ళు లేనంతసేపూ, అంటే ఏడాదంతా, ఆ కాంటాక్టు గుండా కరెంటు కారుతూనే ఉంది. అన్నీ కలిపితే ఒకటిన్నర మిల్లీఆంపు.

"సెల్లుల్లో నికరంగా వాడుకోగలిగింది రెండు వేల మిల్లీఆంపు గంటలు" అంది. "గంటకు ఒకటిన్నర పోతే ఎన్ని గంటలు? యాభై అయిదు రోజులు. కారే కుండలో నీళ్ళు పోసి ఏడాది నిలవమంటే నిలుస్తాయా?"

ఆమె దీపాన్ని పీకేసింది, ఆ తాగుబోతు ముక్కను తీసేసింది, ఫ్లోటును తిరగేసి కట్టింది. నీళ్ళొస్తేనే కాంటాక్టు కలుస్తుంది. అసలు మార్పు లోపలి ప్రోగ్రాంలో చేసింది. పాతది ఎప్పుడూ మేలుకుని ఫ్లోటు వంక చూస్తూ ఉండేది. కొత్తది నిద్రపోతుంది. మామూలు కునుకు కాదు. గడియారం ముక్క, ఫ్లోటు తీగను కనిపెట్టుకునే ముక్క తప్ప లోపల అన్నీ ఆరిపోతాయి. ఆ నిద్రలో తినేది పది మైక్రోఆంపులు. వెయ్యి మైక్రోలైతే ఒక మిల్లీ. ఆరు గంటలకొకసారి గడియారం తట్టి లేపుతుంది. లేచి, బతికే ఉన్నానని, బ్యాటరీ ఇంత ఉందని ఒక ముక్క చెప్పి, జవాబు కోసం కూడా ఆగకుండా మళ్ళీ పడుకుంటుంది. ఈలోగా ఫ్లోటు కదిలిందా, ఆ క్షణమే ఆ తీగ దాన్ని తట్టి లేపుతుంది. నీళ్ళు పైకొచ్చి అక్కడే నిలబడితే ఆగకుండా లేస్తూ ఉంటుందేమో అని అన్నయ్య అడిగాడు, పాపం తెలివిగానే. "లేచినప్పుడొకసారి, దిగినప్పుడొకసారి. మధ్యలో నిద్రే" అంది.

నాకు ఆ పెట్టెల్లో ఆమే కనబడింది. ఒళ్ళు మండింది.

ఇంజనీరుగారు షరతు పెట్టాడు. పన్నెండు పెట్టెలూ ఒక్క జత సెల్లుతో ఏడాది పూర్తిగా బతకాలి. బతికితే మీటరమ్మను పర్మనెంటు చేస్తారు, మెట్ల కింద బల్ల కాదు, ఇన్‌స్ట్రుమెంట్ గది ఇస్తారు. ఒక్కటి చచ్చినా ఆమె కాంట్రాక్టు ఆ ఏడాదితో సరి, పని మళ్ళీ బయటి కంపెనీకి పోతుంది. ఇక రెండో సంగతి నా గురించి. పెట్టెలు బతికితే రోజుకు రెండు రౌండ్లు దేనికి? రౌండు తీసేస్తారు. ఆ మాట ఎవరూ నాతో అనలేదు. అనక్కర్లేదు.

నేనే ముందుకొచ్చి, "ఏడో నంబరు ఎనిమిది నెలలు దాటదు సార్" అన్నాను. అప్పటికే నాకు తెలుసు.

ఎలాగంటే, ఆమె ప్రతి పెట్టెకూ ఒక సర్వీసు తలుపు పెట్టుకుంది. తెరిచే తలుపు కాదు. లోపల అగ్గిపుల్లంత గాజు గొట్టం, అందులో రెండు సన్నని రేకులు. బయట నుంచి అయస్కాంతం దగ్గర పెడితే ఆ రేకులు అతుక్కుంటాయి, పెట్టె లేస్తుంది. మూత విప్పక్కర్లేదు, తడి లోపలికి పోదు. అలా లేచినప్పుడు మాత్రం అది వెంటనే పడుకోదు. మెకానిక్ వచ్చాడు, ఏదైనా సెట్టింగు మార్చుతారేమో అని రేడియో తెరిచి రెండు నిమిషాలు వింటూ కూర్చుంటుంది. అంతసేపూ పెట్టె మీద ఒక పచ్చ దీపం రెండు సెకన్లకొకసారి కన్ను కొడుతుంది. రేడియో తెరిస్తే ఇరవై అయిదు మిల్లీఆంపులు. నిద్రలో రెండున్నర వేల సెకన్లలో తినేది అప్పుడు ఒక్క సెకనులో తినేస్తుంది. ఇదంతా ఆమే అన్నయ్యకు చెప్పింది. నేను విన్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

లెక్కల్లో నేనూ మొద్దునేం కాను. ఒకసారి తడితే ముప్పాతిక పైచిలుకు మిల్లీఆంపు గంట. రోజుకు పదిసార్లు తడితే ఎనిమిదికి పైన. రెండు వేలను దాంతో భాగిస్తే రెండు వందల నలభై రోజులు. పాత స్పీకరు పగలగొట్టి అయస్కాంతం తీసుకున్నాను.

చెడగొట్టడం అనకండి. పెట్టెను చూడ్డం నా డ్యూటీ కాదా? బతికి ఉందో లేదో చూస్తున్నాను. ఎవరైనా అడిగితే ఇదే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. పొద్దున అయిదుసార్లు, మధ్యాహ్నం అయిదుసార్లు. పచ్చ దీపం ఆగేదాకా మళ్ళీ తట్టి లాభం లేదు కాబట్టి బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఆ కంపులో రెండేసి నిమిషాలు లెక్కపెట్టేవాణ్ణి. దీపం ఆరగానే మళ్ళీ అయస్కాంతం. లేవవే లేవవే అని లోపల తిట్టుకుంటూ. మిగిలిన పదకొండు సంపులూ సరిగ్గా చూసేవాణ్ణని చెప్పను, కానీ ఏడోది మాత్రం ఒక్కరోజు తప్పలేదు. వారపు సెలవు రోజు కూడా ఏదో వంక పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక అంత శ్రద్ధగా పనిచేసింది ఆ ఒక్క ఏడాదే.

ఇంట్లో ఆమె మామూలుగానే ఉండేది. ఒకసారి నేను తింటుంటే అటుగా వచ్చినప్పుడు నా చొక్కా వాసన తగిలి, "ఏడో సంపు కంపు కొడుతున్నావు" అంది.

"డ్యూటీ చేసేవాడికి కంపు కొట్టదా?"

"కొడుతుంది" అని పచ్చడి గిన్నె నా వైపు జరిపింది. అంతకు మించి ఏం లేదు. నిమ్మకు నీరెత్తినట్టుండే ఆ మొహం చూస్తే నాకు ఇంకో రెండుసార్లు తట్టాలనిపించేది.

ఎనిమిది నెలలు నిండాయి. ఆ రోజు పొద్దున కొత్త చొక్కా వేసుకుని వెళ్ళానంటే నవ్వకండి. అయస్కాంతం పెట్టాను. పచ్చ దీపం కన్ను కొట్టింది. మధ్యాహ్నం కొట్టింది. మర్నాడు కొట్టింది. సెల్లు కాస్త గట్టివేమో, పది రోజులు చూద్దామనుకున్నాను. పది రోజులకూ అదే కన్ను, అదే రెండు సెకన్లు. నాకు పిచ్చెక్కింది. రోజుకు పది కాస్తా ఇరవై చేశాను. పొద్దున ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు ఆ బకెట్టు మీదే. తొమ్మిదో నెల, పదో నెల. ఇంజనీరుగారు ఎదురుపడి, "ఏమయ్యా, నీ జోస్యం?" అని నవ్వి పోయేవాడు. పుండు మీద కారం.

పదకొండో నెలలో ఒకరోజు సంచిలో సుత్తి వేసుకుని వెళ్ళాను. నిజం ఒప్పుకోవాలి కదా. పెట్టె ముందు నిలబడి, ముందు ఆఖరిసారి తట్టి చూద్దాం, అప్పటికీ కన్ను కొడితే దాని సంగతి తేలుద్దాం అనుకున్నాను. పైన పొద్దుట్నుంచీ ఎడతెగని వాన. కొట్టింది. పచ్చగా, తాపీగా. సంచిలో చేయి పెట్టాను.

అప్పుడే పైన మెట్ల మీద పరుగులు వినబడ్డాయి. వదిన ముందు, వెనకాల పంపు ఫిట్టరు, ఎలక్ట్రీషియను. ఆమె చేతిలో టార్చి. ఎవరికోసం పరుగెత్తుతున్నారో నాకు అర్థం కాలేదు. ఆమె టార్చి సంపులోకి వేసింది. అప్పుడు చూశాను. నల్లని నీళ్ళు మూత అంచుకు జానెడు దూరంలో ఉన్నాయి. పంపు మూలుగుతోంది గానీ తోడడం లేదు. ఫ్లోటు పైకి లేచి తేలుతోంది. నేను అక్కడికొచ్చి పావుగంటయింది. సంపు చూసే మనిషిని, సంపులోకి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

ఒక చేతిలో అయస్కాంతం, ఇంకో చేయి సంచిలో. నాకు తేలు కుట్టిన దొంగ మొహం వచ్చేసింది. ఆమె టార్చి నా చేతి మీద ఒక్క క్షణం ఆగింది.

"పక్కకు జరుగు" అంది.

ఫిట్టరు పంపు ఆపి, చేయి పెట్టి మూరెడు గోనె పట్టా లాగాడు. పావుగంటలో నీళ్ళు దిగాయి. ప్యానెల్ గది గడప తడవలేదు. ఫ్లోటు లేచిన అయిదు సెకన్లకే తన బల్ల మీద అలారం మోగిందని ఆమె ఎలక్ట్రీషియనుతో అంటుంటే విన్నాను. నాతో ఏమీ అనలేదు. సాయంత్రం ఇంట్లోనూ అనలేదు. ఇవాళో రేపో ఇంజనీరుగారి చెవిన వేస్తుందని నెలరోజులు భయపడుతూ తిరిగాను. సుత్తి స్టోరులో పెట్టేశాను. అయస్కాంతం మాత్రం మానలేదు. ఎందుకంటే చెప్పలేను. మానేస్తే ఒప్పుకున్నట్టవుతుందనిపించింది.

ఏడాది నిండిన రోజు ఇంజనీరుగారి గదిలో కూర్చోబెట్టారు. వదిన, ఫిట్టరు, ఎలక్ట్రీషియను, నేను. పన్నెండు పెట్టెలూ పొద్దున ఆరింటికి బతికే ఉన్నామని కబురు పంపాయి. ఇంజనీరుగారు కాగితం చదివాడు. ప్రతి పెట్టె ఎందుకు లేచిందో, ఎన్నిసార్లు లేచిందో తనే లెక్క పెట్టుకుంటుందట. ఆ సంగతి ఆమె అన్నయ్యకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వినేవాణ్ణి.

"ఏడో నంబరు. గడియారం లేపింది పద్నాలుగు వందల అరవై సార్లు. ఫ్లోటు లేపింది రెండుసార్లు. అయస్కాంతం..." ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "నాలుగు వేల తొమ్మిది వందల పదకొండు? మిగతావాటికి మూడూ నాలుగూ ఉన్నాయేంటమ్మా?"

ఆయన కాగితం దించి నా వైపు చూశాడు. "ఎనిమిది నెలలు దాటదని నువ్వేగా అన్నావు. ఆ ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చింది?"

వదిన వైపు చూశాను. పదమూడేళ్ళలో ఆమె వైపు సాయం కోసం చూడ్డం అదే మొదటిసారి. ఆమె నా వైపు చూడలేదు.

"లెక్క కరెక్టుగానే వేశాడు సార్" అంది. "పాత సెట్టింగు మీద."

ఆయనకు సగం అర్థమైంది. మిగతా సగం ఆమే చెప్పింది, వాతావరణ వార్తలు చదివినట్టు. అయస్కాంతంతో లేపితే పెట్టె రెండు నిమిషాలు వింటుంది. అంతసేపు వినడం తన తప్పు, డిజైనులో తప్పు, ఎవడైనా అయస్కాంతం పట్టుకుని కూర్చుంటే పెట్టె చచ్చిపోతుంది. ఏడో నంబరు అదేపనిగా లేస్తోందని మొదటి వారంలోనే కంప్యూటరు తెరమీద కనబడింది. కొత్త సెట్టింగు రాసి, బల్ల మీద ఇంకో పెట్టెకు పెట్టి మూడు వారాలు చూసుకుంది. దాన్ని ఏడో నంబరుకు పంపాలంటే అది వింటూ ఉండాలి. వినేది అయస్కాంతం పెట్టినప్పుడే. "దానికోసం నేను కిందికి దిగక్కర్లేకపోయింది సార్. ఆ రోజు తొమ్మిదిన్నరకు మావాడే తలుపు తెరిచాడు. పంపించేశాను." ఆ తర్వాత నుంచి ఏడో నంబరు వినేది మూడు సెకన్లే. మిగతా పదకొండింటికీ తనే వెళ్ళి మార్చుకుంది.

నేను పదకొండు నెలలు గాలిని తట్టాను.

ఇంజనీరుగారు కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. తర్వాత, "ఇతన్నేం చేయమంటావమ్మా?" అని అడిగాడు. నన్ను కాదు, ఆమెను. తాళం రోజు అడిగినట్టే.

"తట్టిన వేళలన్నీ కాగితం మీదున్నాయి సార్. పొద్దున తొమ్మిది తర్వాత, మధ్యాహ్నం నాలుగు తర్వాత. ఏడాదిలో ఒక్కరోజు నాగా లేదు. రిజిస్టరుతో పోల్చి చూసుకోండి, ఈసారి టిక్కులు నిజం. రౌండు ఎలాగూ తీసేస్తారు. నా కింద వేయండి. కళ్ళెదుట ఉంటే మంచిది. ఏడాదికోసారి సెల్లు మార్చే మనిషి కావాలి."

ఫిట్టరు కిసుక్కుమన్నాడు. ఏడాదికోసారి! ఆ రోజే ఆమెకు పర్మనెంటు కాగితం ఇచ్చారు. నన్ను ఆమె కింద వేశారు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. జాలిపడి ఉంటే ఆ జాలిని ఆమె మొహానే కొట్టేవాణ్ణి. రెండూ చేయలేదు.

సాయంత్రం ఆమె కొత్త గదిలో సామాను సర్దుకుంటుంటే వెళ్ళాను. అయస్కాంతం బల్ల మీద పెట్టాను, ఠప్పుమని. పక్కనున్న స్క్రూలన్నీ వెళ్ళి దానికి అతుక్కున్నాయి.

"మొదటి వారంలోనే తెలిస్తే నన్నెందుకు ఆపలేదు వదినా? ఏడాదంతా కోతిని ఆడించినట్టు ఆడిస్తావా? నాకు చెప్తే పోయేది కదా!"

"చెప్తే అయస్కాంతం పారేసి సుత్తి పట్టుకునేవాడివి."

సంచిలో ఏముందో ఆ రోజు ఆమె చూడలేదు. చూడలేదనే ఇప్పటికీ నా నమ్మకం.

"మరి ఆ పచ్చ దీపం? మూడు సెకన్లే వినేదైతే రెండు నిమిషాలు ఎందుకు కన్ను కొట్టింది?"

ఆమె స్క్రూలు ఒక్కొక్కటీ అయస్కాంతం మీంచి పీకి డబ్బాలో వేసుకుంటోంది. "దీపానికి ఖర్చు లేదు. క్షణంలో వందో వంతు కూడా వెలగదు. రేడియోనే తినేది. రేడియో ఆపేశాను. దీపం నీ కోసం ఉంచాను."

"నా కోసమా?"

"అది ఆరిపోతే నీకు అనుమానం వచ్చేది. వెలిగితే తృప్తిగా కూర్చునేవాడివి. మొదటి నెలలో నువ్వు తిన్నది రెండు వందల యాభై మిల్లీఆంపు గంటలు. ఆ తర్వాత పదకొండు నెలలు తట్టినదంతా కలిపినా వంద లేదు." చివరి స్క్రూ కూడా వేసి మూత బిగించింది. అప్పుడు తలెత్తి చూసింది. "ఆ ఉద్యోగం పోతే నాకు ఇంకో ఉద్యోగం లేదు. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసి తట్టావు. నాలుగు వేల తొమ్మిది వందల పదకొండుసార్లు. నేను మర్చిపోయాననుకోకు."

గొంతు పెంచలేదు. చెప్పి, వెనక్కి తిరిగి స్విచ్ ఆపేసింది. నేనింకా గదిలోనే ఉన్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి కాళ్ళు వాటంతటవే ఏడో సంపుకు నడిచాయి. డ్యూటీ లేదు, రిజిస్టరు లేదు. బకెట్టు అక్కడే బోర్లించి ఉంది. అయస్కాంతం ఆమె సొరుగులో వేసుకుంది గానీ, ఆ స్పీకరులో రెండో ముక్క ఒకటి ఉండిపోయింది నా దగ్గర. పెట్టె పక్కన పెట్టాను. రెండు సెకన్లు. నాలుగు. పది. దీపం వెలగలేదు. ముందు రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఆమె కిందికి దిగి ఆపేసినట్టుంది. ఇక దాన్ని ఎవరి కోసం ఉంచాలి?

రెండు నిమిషాలు అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పెట్టె ఉలకలేదు, పలకలేదు. లేచిందనీ, ఎవరు లేపారో రాసుకుందనీ నాకు తెలుసు.